నంబరు లేని పొట్లం

పినపాక నియోజకవర్గంలో, భద్రాచలానికి ఎదురుగా గోదావరి ఇవతలి ఒడ్డున, సారపాకలో కాగితపు అట్ట తయారుచేసే పెద్ద మిల్లు ఉంది. 1970ల చివర ఉత్పత్తి మొదలైన ఆ మిల్లు నుంచి తెల్లగా వెళ్లిన అట్ట ఎక్కడెక్కడో పెట్టెలుగా మారుతుంది. అలాంటి పెట్టె ఒకటి మళ్లీ ఇక్కడి కిరాణా కొట్టుకు వచ్చేసరికి దాని ఒక మూల నల్లగీతలూ, వాటి కింద పదమూడు అంకెలూ ఉంటాయి. అదే చుట్టుపక్కల గూడేల్లో చేసే ఇప్పపువ్వు లడ్డుకు, వెదురు బుట్టకు ఆ గీతలుండవు. వారపు సంతలో ఆ గీతల గురించి అడిగేవాళ్లూ లేరు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టబోయినప్పుడే చిక్కు. సరుకు వివరాలు నింపే ఫారంలో ‘ఉత్పత్తి గుర్తింపు సంఖ్య’ అనే గడి ఎదురవుతుంది. అది నింపందే ముందుకు పోనివ్వదు.

ఇది ఊహించి చెబుతున్న కష్టం కాదు, ఈ ప్రాంతపు సరుకు ఇప్పటికే బయటి మార్కెట్ గడప తొక్కింది. 2025 జూన్ 29న ‘మన్ కీ బాత్’లో ప్రధాని భద్రాచలం మహిళల గురించి మాట్లాడారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన వాళ్లు స్వయం సహాయక సంఘంగా ఏర్పడి, చిరుధాన్యాలతో ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరున బిస్కెట్లు చేస్తున్నారని, అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళుతున్నాయని చెప్పారు. సంతలో అమ్మే మనిషి ముఖమే సరుకుకు హామీ. లండన్‌లో కొనేవారికి ఆ ముఖం కనిపించదు. కాబట్టి ఈ సరుకు ఎవరిది, ఇది ఏ రకం అన్న రెండు ప్రశ్నలకు పొట్లమే జవాబు చెప్పాలి. బార్‌కోడ్ కథంతా ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెతికిన కథే.

ఇసుకలో నాలుగు వేళ్లు

1948లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక కిరాణా గొలుసుకొట్ల యజమాని డ్రెక్సెల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి, గల్లా దగ్గర సరుకు వివరాలు తమంతట తాము నమోదయ్యే ఉపాయం కనిపెట్టమని అక్కడి డీన్‌ను అడిగాడు. డీన్ ఒప్పుకోలేదు. ఆ మాటలు చెవిన పడిన బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి, సంగతి తన మిత్రుడు నార్మన్ జోసెఫ్ ఉడ్‌ల్యాండ్‌కు చెప్పాడు. ఉడ్‌ల్యాండ్‌కు చిన్నప్పుడు స్కౌట్స్‌లో నేర్చుకున్న మోర్స్ కోడ్ తెలుసు. మయామీ సముద్రతీరంలో కూర్చుని ఆలోచిస్తూ వేళ్లు ఇసుకలో గుచ్చి తనవైపు లాక్కున్నాడు. నాలుగు గీతలు పడ్డాయి. చుక్కలు, అడ్డగీతలకు బదులు సన్నగీత, లావుగీత పెడితే సరిపోతుందని అప్పుడు తట్టిందట. ఇద్దరూ 1949 అక్టోబర్ 20న పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1952 అక్టోబర్ 7న అది మంజూరైంది.

ఆలోచన బాగానే ఉంది, దాన్ని చదివే యంత్రమే కుదరలేదు. వాళ్లు తయారుచేసిన నమూనాలో 500 వాట్ల బల్బు వాడాల్సి వచ్చింది. దాని వేడికి కాగితం పొగలెత్తింది. చివరకు ఆ పేటెంటు 15,000 డాలర్లకు చేతులు మారింది. సిల్వర్ 1963లో కన్నుమూశాడు. 1969లో పేటెంటు గడువూ తీరిపోయింది. చవకైన లేజర్, చిన్న కంప్యూటర్ వచ్చేదాకా ఆ గీతలు కాగితం మీదే ఉండిపోయాయి.

ఇక్కడ చాలామందికి తెలియని మలుపు ఒకటుంది. 1970లో అమెరికా కిరాణా వ్యాపారులూ, సరుకు తయారీదారులూ ఒక సంఘంగా కూర్చున్నప్పుడు ముందు తేల్చుకున్నది గీతల సంగతి కాదు, అంకె సంగతి. ప్రతి సరుకుకూ పది అంకెలు ఇవ్వాలని, వాటిలో సగం తయారీదారును, మిగతా సగం వారి సరుకును సూచించాలని మొదట ఒప్పుకున్నారు. ఆ అంకెను పొట్లం మీద ఏ బొమ్మగా అచ్చువేయాలన్నది ఆ తర్వాత వచ్చిన ప్రశ్న. ఆర్‌సీఏ కంపెనీ ఉడ్‌ల్యాండ్ పేటెంటులోని గుండ్రటి వలయాల బొమ్మతో ముందుకొచ్చింది. అచ్చులో సిరా కాస్త పాకితే ఆ వలయాలు ఒకదానితో ఒకటి కలిసిపోయేవి. ఐబీఎంలో పనిచేసే జార్జ్ లారర్ నిలువుగీతలు ఎంచుకున్నాడు. అచ్చుయంత్రం నడిచే దిశలోనే గీతలు పెడితే సిరా పాకినా గీత పొడవు పెరుగుతుందే తప్ప వెడల్పు మారదు. 1973 ఏప్రిల్ 3న సంఘం లారర్ గీతలనే ఖాయం చేసింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ ఊళ్లో, మార్ష్ సూపర్ మార్కెట్‌లో, పది ప్యాకెట్ల రిగ్లీ చూయింగ్ గమ్ మొదటిసారి స్కానర్ ముందునుంచి వెళ్లింది. ధర 67 సెంట్లు.

మూడేళ్లకు, 1977లో, యూరప్ దేశాలు పదమూడు అంకెల ఈఏఎన్ తెచ్చుకున్నాయి. మన దేశంలో ఈ అంకెలిచ్చే సంస్థ 1996లో ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు జీఎస్1 ఇండియా. అది ఇచ్చే అంకెలన్నీ 890తో మొదలవుతాయి. 890 ఉంటే ‘భారత్‌లో తయారైంది’ అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆ అంకె ఇచ్చిన కార్యాలయం భారత్‌లో ఉందని మాత్రమే దాని అర్థం.

అంకె చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

పదమూడు అంకెల్లో సరుకు ధర లేదు, రుచి లేదు, నాణ్యత లేదు, ఆహార భద్రతా సంస్థ అనుమతి లేదు. పొట్లం మీద ఉండే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు వేరు, ఇది వేరు. ఆ నంబరును గుర్తింపు సంఖ్య గడిలో కొట్టి, ఎందుకు తీసుకోలేదా అని తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు. బార్‌కోడ్ అంకెలో ఉండేది మూడే: ఎవరికి కేటాయించారు, వారి సరుకుల్లో ఇది ఏది, చివర ఒక తనిఖీ అంకె.

ఆ తనిఖీ అంకె ఎలా వస్తుందో చూస్తే దాని శక్తీ, పరిమితీ రెండూ తెలుస్తాయి. లెక్క కోసం ఒక సంఖ్య తీసుకుందాం:

```
8 9 0 1 2 3 4 5 6 7 8 9 ?
(8+0+2+4+6+8)     = 28
(9+1+3+5+7+9) × 3 = 102
28 + 102          = 130
```

130కి ఎంత కలిపితే పదితో నిశ్శేషంగా పోయే సంఖ్య వస్తుంది? ఏమీ కలపనక్కర్లేదు. కాబట్టి తనిఖీ అంకె 0. ఎవరైనా తొందరలో 6, 7 అంకెలను తారుమారు చేసి కొడితే మొత్తం 128 అవుతుంది, తనిఖీ అంకె 2 రావాలి. చివర 0 ఉంది కాబట్టి తప్పు దొరికిపోతుంది. పక్కపక్కన ఉన్న అంకెల మధ్య తేడా సరిగ్గా 5 అయితే మాత్రం, అంటే 1, 6 తారుమారైతే, ఈ లెక్కకు చిక్కదు.

అంటే తనిఖీ అంకె వేలి పొరపాటును పట్టుకుంటుంది, దొంగ అంకెను పట్టుకోలేదు. పై లెక్క తెలిసిన ఎవరైనా సరిగ్గా కనిపించే అంకెను అరనిమిషంలో తయారు చేయగలరు. దుకాణం గల్లా దగ్గర అది చెల్లిపోయేది. ఎందుకంటే ఆ కొట్టు కంప్యూటర్లో ఏ అంకెకు ఏ సరుకు అని రాసుకుంటే అదే.

గల్లా నుంచి జాబితాకు

ఆన్‌లైన్ అంగళ్లు వచ్చాక అదే అంకెకు కొత్త పని పడింది. అమెజాన్ 1995లో పుస్తకాలతో అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు ఇబ్బంది లేదు, పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ 1970 నుంచే ఉంది. వేరే సరుకులు చేరాక తనదైన పది అక్షరాల సంకేతం పెట్టుకుంది. దాన్నే ఏఎస్‌ఐఎన్ అంటారు. అక్కడ సూత్రం ఒక సరుకుకు ఒకే పేజీ. ఒకే సబ్బును పదిమంది అమ్మినా పేజీ ఒక్కటే ఉండాలి. పదిమంది తెచ్చింది ఒకే సబ్బు అని యంత్రానికి తెలిసేది పొట్లం మీది అంకెతోనే. ఈఏఎన్, యూపీసీ లాంటి వాటన్నిటికీ కలిపి ఇప్పుడు వాడే పేరు జీటిన్.

గల్లా దగ్గర వేగం కోసం పుట్టిన అంకె ఇలా జాబితాలో సరుకు జన్మపత్రం అయింది. దాంతో పాటే మోసమూ వచ్చింది. అమెరికాలో 2002కు ముందు అంకెల శ్రేణి తీసుకున్న కంపెనీలు ఏటేటా రుసుము కట్టనక్కర్లేదు. వాటిలో కొన్ని మిగిలిపోయిన అంకెలను చిల్లరగా అమ్మడం మొదలుపెట్టాయి. మన దగ్గరా ‘వంద బార్‌కోడ్‌లు కారుచౌకగా’ అన్న ప్రకటనలు నెట్‌లో కనిపిస్తాయి. ఆ అంకెలు తనిఖీ లెక్కలో నెగ్గుతాయి. కానీ జాబితా యంత్రం ఇప్పుడు అక్కడితో ఆగదు. జీఎస్1 రికార్డులో ఆ అంకె ఎవరి పేరున ఉందో చూసి, మీరు రాసిన బ్రాండ్‌తో పోలుస్తుంది. లడ్డు పొట్లం అంకె రికార్డులో ఎక్కడో చెప్పుల కంపెనీ పేరున ఉంటే అంకె సరుకుకు సరిపోవడం లేదన్న సందేశం వస్తుంది. ఒక్కోసారి వెంటనే రాదు. పేజీ కొన్నాళ్లు నడిచి, అమ్మకాలూ సమీక్షలూ వచ్చాక ఒకరోజు మాయమవుతుంది. అందుకే కొనేముందు అంకెను జీఎస్1 వెబ్‌సైట్‌లోని ఉచిత వెతుకులాటలో కొట్టి చూడాలి. అక్కడ ఇంకొకరి పేరు వస్తే అది మీది కాదు, రసీదు ఎంత పెద్దదైనా సరే.

లడ్డు ఒక దారి, బుట్ట ఒక దారి

పినపాక మండలంలో ఒక మహిళా సంఘం ఉందనుకుందాం. వాళ్ల దగ్గర ఇప్పపువ్వు లడ్డు 250 గ్రాములు, 500 గ్రాములు పొట్లాలుగా ఉంది. జొన్న, రాగి బిస్కెట్లు 200 గ్రాముల చొప్పున ఉన్నాయి. వీటితో పాటు మేదరులు అల్లిన వెదురు బుట్టలూ అమ్మాలి. ముందే చెప్పుకోవాల్సింది ఒకటుంది. ఇలాంటి సరుకు మీద బార్‌కోడ్ ఉండాలని పొట్లాల చట్టం ఎక్కడా అనదు. 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ ధర లాంటివి అడుగుతాయి, గీతలు అడగవు. కాబట్టి గీతలు కావాలా వద్దా అన్నది ఎక్కడ అమ్మాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఖమ్మం, హైదరాబాద్ సూపర్ మార్కెట్లకు కూడా ఇవ్వాలనుకుంటే జీఎస్1 ఇండియాలో సంఘం పేరున చేరి అంకెలు తీసుకోవడమే మేలు. రుసుము సంస్థ టర్నోవర్‌ను, ఎన్ని అంకెలు కావాలన్నదాన్ని బట్టి మారుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవాలి. మన సంఘానికి తినే సరుకులకు నాలుగు అంకెలు చాలు: లడ్డుకు రెండు, బిస్కెట్లకు రెండు. బరువు మారితే అంకె మారాలి. రెండు పొట్లాలు కలిపి ఒకే కట్టగా అమ్మితే దానికి మరో అంకె. లడ్డు అమ్మడం మానేసినా ఆ అంకెను తర్వాత మరో సరుకుకు తగిలించకూడదు. పాత పొట్లం ఎవరి అరలోనో ఇంకా ఉండొచ్చు.

ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్ముతామంటే అంకె కొనకుండానే దారి ఉంది. అమెజాన్‌లో అయితే విక్రేత ఖాతాలో `Apply for GTIN exemption` అనే పేజీ తెరిచి మినహాయింపు అడగవచ్చు. సరుకు వర్గం, బ్రాండ్ పేరు రాసి, సరుకునూ పొట్లాన్నీ అన్ని వైపులా చూపే ఫొటోలు జతచేయాలి. జవాబు సాధారణంగా రెండు రోజుల్లో వస్తుంది. ఇక్కడ తిరస్కరణకు కారణాలు కొన్నే, అవే పదేపదే ఎదురవుతాయి. ఫొటోలో అసలు పొట్లం బదులు కంప్యూటర్లో గీసిన బొమ్మ ఉంటుంది. ఫారంలో రాసిన పేరుకూ పొట్లం మీది పేరుకూ ఒక అక్షరమో, రెండు మాటల మధ్య ఖాళీయో తేడా ఉంటుంది. పేరు పొట్లం మీద అచ్చై ఉండదు, ఊడివచ్చే స్టిక్కర్ మీద ఉంటుంది. లేదా పొట్లం వెనక ఎక్కడో పాత బార్‌కోడ్ కనిపిస్తుంది. గీతలున్న సరుకుకు మినహాయింపు లేదు, ఆ గీతల అంకెనే వాడమంటారు.

మినహాయింపు ఆ బ్రాండుకు, ఆ వర్గానికి మాత్రమే వర్తిస్తుంది. తినుబండారాల వర్గంలో తీసుకున్నది బుట్టలకు పనికిరాదు. ఆ అంగడిలో చెల్లినది మరో అంగడిలో చెల్లదు. సరుకును అమెజాన్ గిడ్డంగికి పంపదలిస్తే పొట్లానికి అంగడి ఇచ్చే ఎఫ్‌ఎన్‌ఎస్‌కేయూ లేబుల్ అంటించాలి. జీటిన్ లేకపోయినా గిడ్డంగిలో లెక్క ఆగదు కదా. రేపు సంఘం సొంత అంకె తీసుకుంటే దానితో కొత్త పేజీ తెరవకూడదు, ఉన్న పేజీకే అంకె చేర్చమని విక్రేతల సహాయ విభాగాన్ని అడగాలి. లేకపోతే ఒకే లడ్డుకు రెండు పేజీలై, కూడబెట్టిన సమీక్షలు రెండు ముక్కలవుతాయి.

బుట్ట సంగతి వేరు. దాని మీద ఏ పేరూ ఉండదు, ఏ రెండు బుట్టలూ ఒకలా ఉండవు. బ్రాండ్ గడిలో `Generic` అని రాసి అదే మినహాయింపు అడగాలి. ఫొటోలో బుట్ట మీద ఏ పేరూ కనిపించకూడదు. ఈ దారి తేలిక, దాని ఖరీదు తర్వాత తెలుస్తుంది. పేరు లేని పేజీ మీద మీకు ప్రత్యేక హక్కు ఉండదు. అలాంటి బుట్టే ఉన్న ఇంకొకరు అదే పేజీలో తక్కువ ధరకు అమ్మవచ్చు. బాగా నడిచింది కదా అని తర్వాత మీ పేరు పెట్టబోతే బ్రాండ్ మార్చనివ్వరు. కొత్త పేజీతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. కాబట్టి లడ్డు లాంటి పేరు నిలవాల్సిన సరుకును ఎప్పుడూ ఆ గడిలో వేయకూడదు.

పేరు ఎవరిది?

అంకె ఉన్నా మినహాయింపు ఉన్నా పేరు మీద హక్కు వాటితో రాదు. అది ట్రేడ్‌మార్క్‌తో వస్తుంది. మన దేశంలో దీనికి ఆధారం 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. 2017 నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ దరఖాస్తుకు ఒక్కో వర్గానికి 9,000 రూపాయలు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు అది 4,500. సంఘానికి ఉద్యం ధ్రువపత్రం ఉంటే ఈ తక్కువ రుసుము వర్తిస్తుంది. లడ్డు, బిస్కెట్, తేనె మూడూ 30వ వర్గంలోనే పడతాయి కాబట్టి ఒక దరఖాస్తు చాలు. వెదురు సామాను వేరే వర్గం.

పేరు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ‘పినపాక తేనె’ అని పెట్టుకుంటే సరుకు పేరు, ఊరి పేరు తప్ప అందులో మరేమీ లేదు. తొమ్మిదో సెక్షన్ కింద అభ్యంతరం రావడం దాదాపు ఖాయం. పినపాకలో తేనె పట్టే ఎవరైనా వాడుకోగల మాటను ఒకరికే రాసివ్వరు. రెండోది, దరఖాస్తు ఎవరి పేరున వేస్తున్నామన్నది. తొందరలో ఫోన్ ఉన్న ఒక సభ్యురాలి పేరున వేస్తే, చట్టం దృష్టిలో ఆ పేరు ఆమె సొత్తు. సంఘం పేరునే వేయాలి. దరఖాస్తు పరిశీలన దాటి జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అవన్నీ దాటి నమోదైతే పదేళ్ల పాటు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. ఈలోగా పేరు పక్కన టీఎం గుర్తు వాడవచ్చు. గుండ్రటి సున్నాలో ఆర్ గుర్తు మాత్రం నమోదు కాకముందు వేస్తే నేరం.

ఈ ట్రేడ్‌మార్క్ నమోదై ఉంటేనో, కనీసం దరఖాస్తు వేసి ఉంటేనో అమెజాన్ బ్రాండ్ రిజిస్ట్రీ తలుపు తెరుచుకుంటుంది. అందులో చేరాక పేజీలోని వివరాల మీద మీ మాటకు బరువు వస్తుంది, మీ పేరున వేరేవాళ్లు నకిలీ పెడితే ఫిర్యాదు చేసే దారి దొరుకుతుంది. చేరేటప్పుడు ఎక్కువమంది ఆగిపోయే మెట్టు ఒకటుంది. ధ్రువీకరణ సంకేతం మీ మెయిల్‌కు రాదు. ట్రేడ్‌మార్క్ రికార్డులో ఎవరి చిరునామా ఉందో వారికి, అంటే చాలాసార్లు దరఖాస్తు వేసిన వకీలుకు వెళుతుంది. సంఘం వారాల తరబడి తమ ఇన్‌బాక్స్ చూసుకుంటూ ఉంటుంది, సంకేతం వకీలు మెయిల్‌లో పడి ఉంటుంది. ముందుగానే ఆయనకు ఫోన్ చేసి చెప్పి ఉంచితే ఈ బెడద ఉండదు.

కథలో ముందు అంకె, తర్వాత గీతలు, ఆపైన జాబితా, చివర పేరు మీద కాపలా వచ్చాయి. పినపాక సంఘం మాత్రం పని వెనకనుంచి మొదలుపెట్టాలి. ముందు పేరు తేల్చుకుని ట్రేడ్‌మార్క్ రికార్డులో అలాంటిది ఉందేమో వెతకాలి. తర్వాత సంఘం పేరున దరఖాస్తు వేయాలి. ఆ పేరు ఏ అక్షరాలతో ఉందో అదే పొట్లం మీద అచ్చు వేయించాలి. మినహాయింపు అడిగేది ఆ తర్వాతే. సొంత అంకె తీసుకునే ఆలోచన ఉంటే మాత్రం దాన్ని అచ్చుకు ముందే తీసుకోవాలి, గీతలకు చోటు వదలాలి కదా. వేల పొట్లాలు అచ్చయ్యాక పేరులో ఒక అక్షరం మార్చాల్సి వస్తే పోయే డబ్బుతో పోలిస్తే, ఈ వరసలో వెళ్లినందుకు అయ్యే ఆలస్యం ఏపాటిది?